దిద్దిన పంక్తిలో క్రొత్త తప్పు
పేజీ ప్రూఫు చేతికందిన తోడనే, కంపోజిటరు తప్పు దిద్దుటకై చేయి పెట్టిన పంక్తులనే ముందుగా అనుమానింపవలెనని నా దృఢాభిప్రాయము. గ్యాలీలో ‘విధ్వాంసులు’ అని పడినదనుకొందము. ధకారముపై గీత గీసి, ఆ పంక్తికెదురుగా మార్జినులో ‘ద’ వ్రాసి, ప్రక్కన వాలుగీత నుంచి పంపితిమి. అక్షరమైతే మారినది గాని, దానినంటియున్న వకారపు వత్తు జారిపోయి మాట ‘విదాంసులు’గా తిరిగివచ్చినది, ధకారమును మాత్రమే వెదకు కంటికి అంతయు సవ్యముగనే తోచును. కావున గుర్తులు పెట్టిన గ్యాలీని ప్రక్కన నుంచుకొని, దిద్దిన పంక్తిని మొదటినుండి తుదివరకు, దాని మీదిదానిని, క్రిందిదానిని కూడ చదువవలెను. హంసపాదము వేసి మాటనే చేర్చియుంటిమేని, పంక్తులు వరుసగా జరుగును గనుక పేరా ముగియువరకు చదువక తప్పదు. గ్యాలీని పుటలుగా విరుచునపుడు పుట్టు దోషములు వేరు: ఒక పుట చివరి పంక్తి మరుపుట మొదట మరల పడుటయో, రెంట లేకుండ పోవుటయో సంభవించును, పుట తుదిమాటను తరువాతి పుట తొలిమాటతో కలిపి పైకి చదివిన నిది పట్టుబడును. పుటసంఖ్యలు, శీర్షికలు సరిగా నున్నవా, అధోజ్ఞాపికలు తమ గుర్తులున్న పుటలోనే యున్నవా యన్న విషయములను ఒక చీటీపై వ్రాసికొని, చదువుట ముగిసిన పిదప విడిగా సరిచూచుకొనవలెను, ఏలయన అర్థము వెంట బోవు కన్ను అంకెలపై నిలువదు. పొరపాటున కొట్టివేసిన మాట క్రింద చుక్కలు పెట్టి, మార్జినులో ‘ఉండనిండు’ అని వ్రాసిన చాలును. ఈ దశలో రచయిత క్రొత్త మాట చేర్పక తప్పదనిన, అదే పంక్తిలో నంతే నిడివిగల మాటను తీసివేయుమని నేను పట్టుబట్టుదును.