నాలుకకు అడ్డుపడని వాక్యం

రాసినదాన్ని ఒకసారి పైకి చదివి చూసుకోమన్నది రచయితలకు ఎప్పటి నుంచో అందుతున్న సలహా. ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ క్రువాసేలోని తన ఇంట్లో వాక్యాలను గొంతెత్తి చదివి మరీ పరీక్షించుకునేవాడు. కుదరని వాక్యం ఆ పరీక్షకు నిలవదనీ, చదివేవాడి ఊపిరిని పట్టేస్తుందనీ 1872లో అచ్చయిన తన మిత్రుడు బుయే కవితలకు రాసిన ముందుమాటలో చెప్పాడు. మన పద్యానికి ఈ పరీక్ష పుట్టుకతోనే ఉంది. యతి తప్పితే చెవి ఊరుకోదు. వచనానికి అలాంటి కాపలా లేదు కనుక గొంతునే కాపలా పెట్టుకోవాలి. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. కానీ ఇప్పుడు మన పత్రికల్లో, పుస్తకాల్లో పెరుగుతున్న జబ్బును పట్టాలంటే ఫ్లోబేర్ పరీక్షను కొంచెం మార్చుకోవాలి. ఆయన వెతికింది గొంతుకు అడ్డుపడే వాక్యాన్ని. మనం వెతకాల్సింది ఎక్కడా అడ్డుపడకుండా జారిపోయే వాక్యాన్ని. మనిషి రాసింది యంత్రం రాసినట్టు వినిపించేది అక్కడే.

ఒక పేరా తీసుకుందాం. ‘గ్రామీణ జీవనంలో చెరువు కీలక పాత్ర పోషిస్తుంది. ఇది వ్యవసాయానికి ఆధారంగా నిలుస్తుంది. అంతేకాకుండా ఇది ప్రజల సంస్కృతిని ప్రతిబింబిస్తుంది. చెరువు కేవలం నీటి వనరు మాత్రమే కాదు, అదొక జీవన విధానం. నేటి ఆధునిక కాలంలో చెరువుల పరిరక్షణ ఆవశ్యకత ఎంతైనా ఉంది.’ కంటితో చూస్తే ఇందులో తప్పు దొరకదు. వ్యాకరణం సరిగానే ఉంది, భావమూ అభ్యంతరకరమైంది కాదు. కన్ను ఈ మాటలను ముందే ఎరుగును గనుక పూర్తిగా చదవకుండానే దాటిపోతుంది. గొంతుకు ఆ వెసులుబాటు లేదు. ప్రతి అక్షరాన్నీ పలకాల్సిందే. పలికితే మొదటి మూడు వాక్యాలూ దాదాపు ఒకే పొడవులో సాగి, ‘స్తుంది’ దగ్గర ఒకే తీరున దిగిపోతున్నాయని తెలుస్తుంది. తెలుగు మాటల్లో ఎవరూ అన్నిసార్లు పెట్టని ‘ఇది’ రెండు వాక్యాల్లో వచ్చి కూర్చుందని తెలుస్తుంది. ‘కేవలం’ అన్నాక ‘మాత్రమే’, ‘నేటి’ అన్నాక ‘ఆధునిక’ అనవసరమనీ తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ‘కీలక పాత్ర’ అనగానే ‘పోషిస్తుంది’ అన్న మాట కాగితం చూడకుండానే నోటికి వచ్చేస్తుంది. ఇక చెరువు తీసేసి గ్రంథాలయమనో, రంగస్థలమనో పెట్టండి. ఒకటి రెండు మాటలు సర్దితే పేరా మొత్తం అలాగే నిలబడుతుంది. అంటే ఆ పేరాలో చెరువు లేదన్నమాట.

లయ చప్పబడటం, మాట అరిగిపోవడం రెండు వేర్వేరు దోషాలుగా కనిపిస్తాయి. నిజానికి రెండింటికీ మూలం ఒక్కటే. చెప్పాల్సిన సంగతి చేతిలో లేనప్పుడు వాక్యం తన ఆకారాన్ని సంగతి నుంచి తెచ్చుకోలేదు. అలవాటు నుంచి తెచ్చుకుంటుంది. భాషాయంత్రం చేసేదీ ఇంచుమించు ఇదే. ఇంతకుముందు మనుషులు రాసిన రాశుల నుంచి, ఈ మాట తర్వాత ఎక్కువగా వచ్చే మాట ఏదో నేర్చుకుని దాన్ని పేరుస్తుంది. ‘చర్యలు తీసుకోవడం జరిగింది’, ‘అనడంలో అతిశయోక్తి లేదు’ వంటివి యంత్రాలు కనిపెట్టినవి కావు. ప్రభుత్వ ప్రకటనలు, హడావుడి అనువాదాలు, సన్మాన సభల ఉపన్యాసాలు ఏళ్ల తరబడి పోగేసినవి. అందుకే ఈ పరీక్ష ఏది మనిషి రాశాడో, ఏది యంత్రం రాసిందో తేల్చదు. దాన్ని పట్టుకుని ఒక రచయితను నిందించకూడదు. రాసినవాడు ఆ చోట ఆలోచించాడా, అలవాటుకు వదిలేశాడా అన్నది మాత్రమే అది చెబుతుంది.

పరీక్ష జరపడానికి ఒక పద్ధతి కావాలి. చిత్తుప్రతిని ఒకరోజు పక్కన పెట్టి, కాగితం మీద అచ్చు తీసుకుని, గొణగకుండా, మామూలుగా మాట్లాడే వేగంతో చదవాలి. చదువుతూ దిద్దకూడదు. దిద్దడం మొదలుపెడితే చెవి పక్కకు తప్పుకుని కన్ను మళ్లీ పెత్తనం చేస్తుంది. గొంతు వరసగా మూడోసారి ఒకే తీరున దిగినచోట ఒక గీత, చదవకముందే వాక్యం ముగింపు తెలిసిపోయినచోట ఒక సున్నా పెడితే చాలు. మరో మనిషి దగ్గరుంటే ఇంకా మేలు. వాక్యం సగం చదివి ఆపండి. మిగతా సగం వినేవారు చెప్పేయగలిగితే ఆ వాక్యం మీది కాదు.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనదే. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది, కాబట్టి ‘ంది’, ‘న్నారు’ పదేపదే రాక తప్పదంటారు. కానీ అదే తెలుగు క్రియ లేని వాక్యాన్ని ఒప్పుకుంటుంది, ‘వచ్చి, చూసి’ అంటూ పనులను గొలుసుగా అల్లనిస్తుంది, క్రియ తర్వాత కూడా ఒక మాట వేసుకోనిస్తుంది. పై పేరాను ఇలా రాయవచ్చు: ‘తూము ఎత్తితే నీళ్లు ముందు ఎవరి మడికి పారాలో నీరటికాడు చెప్పేవాడు. వినాల్సిందే, పది ఎకరాల ఆసామీ అయినా, అర ఎకరం రైతయినా. ఇప్పుడు చేనుకో బోరు. నీళ్ల వంతు గురించి మాట్లాడుకోవడానికి కట్ట మీదికి ఎవరూ రారు.’ నాలుగు వాక్యాలు, నాలుగు పొడవులు, నాలుగు ముగింపులు. ఈ లయ కోసం ఎవరూ ప్రత్యేకంగా కష్టపడనక్కర్లేదు, సంగతి తేగానే వచ్చింది. పరీక్ష పరిమితి కూడా ఇక్కడే ఉంది. చెవి లోటును చూపిస్తుంది గానీ పూడ్చలేదు. నీరటికాడి సంగతి తెలియాలంటే ఆ చెరువు కింద సాగు చేసినవారిని అడగాల్సిందే.

రెండో అభ్యంతరం: విమర్శ, పరిశోధన కంటితో చదివేవి, వాటికి చెవితో పనేమిటని. వాదంలో ‘అందుకే’ అన్నచోట నిజంగా కారణం ఉందా లేదా అన్నది పైకి చదివినప్పుడే తేటగా తెలుస్తుంది. కారణం లేని ‘కాబట్టి’ని పలకబోతే గొంతు దానిమీద ఊనిక వేయలేదు. మూడోది, అందరూ పైకి చదివితే అందరి రాతా వార్తలు చదివే గొంతులోకి మారిపోతుందన్న భయం. ఆ భయం న్యాయమైనదే, అందుకే ఎవరి యాసలో వాళ్లు చదవాలి. రావిశాస్త్రి కథల్లో ఉత్తరాంధ్ర పలుకు, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో చిత్తూరు పలుకు వేర్వేరుగా వినిపిస్తాయంటే ఇద్దరూ తమ ఊరి గొంతును వదులుకోలేదు కాబట్టే. మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో చదివినప్పుడు ఒక వాక్యం పరాయిదిగా తోస్తే, ముందు అనుమానించాల్సింది వాక్యాన్ని, మీ యాసను కాదు.

ఈ పత్రికకు రాసే మిత్రులకు మా విన్నపం ఒక్కటే. పంపేముందు మీ రచనను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పైకి చదవండి. తడబడినచోట కంగారుపడకండి, అక్కడ బహుశా మీరు కొత్తగా ఏదో చెప్పబోయారు. ఎక్కడా తడబడకుండా, ఏదీ గుర్తులేకుండా దాటిపోయిన పేరా దగ్గర ఆగండి. అక్కడ చెప్పడానికి సంగతి ఉంటే తిరగరాయండి, లేకపోతే కొట్టేయండి.