ఉయ్యాలలో కొలతలేని హోరు

పసిబిడ్డ నిద్ర కోసమని అమ్ముతున్న వైట్ నాయిస్ యంత్రం మీద శబ్దాన్ని పెంచే మీట ఉంటుంది, వాన, సముద్రం, ఫ్యాను, గుండెచప్పుడు అంటూ మార్చుకునే మీటలు ఉంటాయి. ఆ మీటను ఎక్కడిదాకా తిప్పితే బిడ్డ చెవి దగ్గర ఎన్ని డెసిబెళ్ల శబ్దం పడుతుందో తెలిపే అంకె మాత్రం చాలా పెట్టెల మీద కనిపించదు. ఒక కొలత లేని వస్తువును, తన బాధను నోటితో చెప్పుకోలేని వినియోగదారుడి తలాపున రాత్రంతా నడపమని మార్కెట్ ప్రోత్సహిస్తుంటే, ప్రజారోగ్య పరిరక్షణ బాధ్యతను స్వీకరించిన వ్యవస్థలు ఇన్నేళ్లుగా వహిస్తున్న మౌనాన్ని ఉపేక్షగా కాక మరొకటిగా పరిగణించలేము.

ప్రమాదం తెలియక జరుగుతున్న పొరపాటు కాదిది. కెనడాలోని టొరంటో బాలల ఆసుపత్రి వైద్యులు మార్కెట్లో దొరికే 14 యంత్రాలను తెచ్చి, పూర్తి శబ్దంతో నడిపి, ఆరు నెలల బిడ్డ చెవినాళం పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని కొలిచిన ఫలితాలు 2014లోనే అమెరికా శిశువైద్యుల పత్రిక ‘పీడియాట్రిక్స్’లో వెలువడ్డాయి. యంత్రాన్ని తొట్టి కమ్మీకి తగిలించినట్లు 30 సెంటీమీటర్ల దూరంలో, తొట్టి పక్కన బల్లమీద పెట్టినట్లు మీటరు దూరంలో, గదికి ఆ చివర ఉంచినట్లు రెండు మీటర్ల దూరంలో వారు కొలతలు తీశారు. ఆసుపత్రి శిశు విభాగాలకు నిర్దేశించిన గంట సగటు హద్దు 50 డెసిబెళ్లు. మొదటి రెండు దూరాల్లోనూ పద్నాలుగూ ఆ హద్దును దాటాయి. రెండు మీటర్ల అవతలికి జరిపినా ఒక్కటి తప్ప అన్నీ దాటాయి. మూడు యంత్రాలైతే 30 సెంటీమీటర్ల దగ్గర 85 డెసిబెళ్లను మించిపోయాయి.

ఆ 85 అనే అంకె దగ్గర కాసేపు నిలవాలి. కర్మాగారంలో పనిచేసే వయోజనుడి చెవికి ఎనిమిది గంటలకు మించి సోకకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు అది. ఆ కార్మికుడికి చెవికప్పు ఉంటుంది, షిఫ్టు ముగిశాక నిశ్శబ్దంలో చెవికి విశ్రాంతి ఉంటుంది, భరించలేకపోతే లేచి బయటికి నడిచే కాళ్లుంటాయి. రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోయే నవజాత శిశువుకు వీటిలో ఏదీ లేదు. పైగా పసివారి చెవినాళం చిన్నది కావడం వల్ల కొన్ని పౌనఃపున్యాల శబ్దం పెద్దల చెవిలోకన్నా వారి కర్ణభేరి దగ్గర హెచ్చుగా పడుతుంది. లోపలి చెవిలోని కేశకణాలు ఒకసారి నశిస్తే మనుషుల్లో తిరిగి మొలవవు.

దూరం జరిపితే సరిపోతుందన్న భరోసా కూడా లెక్కకు నిలవదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెళ్ల మేర తగ్గుతుందన్నది ఆరుబయట వర్తించే సూత్రం. నాలుగు గోడల మధ్య ప్రతిధ్వని కారణంగా తగ్గుదల అంతకన్నా తక్కువే. ఆ ఉదార సూత్రాన్నే అన్వయించినా, 30 సెంటీమీటర్ల దగ్గర 85 ఉన్న శబ్దం రెండు మీటర్లకు చేరేసరికి పదహారో పదిహేడో తగ్గి 69 దగ్గర ఆగుతుంది. 50 హద్దుకన్నా ఇంకా 19 డెసిబెళ్లు ఎక్కువే. డెసిబెల్ మామూలు కూడిక కాదు. మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. కనుక ఆ 19 ఎక్కువ అంటే చెవిమీద పడే శక్తి 80 రెట్లకు దగ్గరగా ఎక్కువని అర్థం. యంత్రాన్ని రెండు మీటర్లకు తక్కువ కాకుండా జరపడం, మీటను కింది మెట్టుకు దించడం రెండూ కలిసి జరిగితేనే బిడ్డకు రక్షణ. తొట్టిలోనో కమ్మీ మీదనో పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. అక్కడ శబ్దంతోపాటు వైరు మెడకు చుట్టుకునే ముప్పు కూడా ఉంటుంది.

హోరు బొత్తిగా నిష్ప్రయోజనమని మేము అనడం లేదు. 1990లో లండన్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, పుట్టి వారమైనా దాటని శిశువుల్లో వైట్ నాయిస్ విన్న 20 మందిలో 16 మంది ఐదు నిమిషాల్లోపే నిద్రపోయారు. వినని 20 మందిలో అయిదుగురే అలా నిద్రపోయారు. రోజుల తరబడి నిద్రలేక సొమ్మసిల్లే తల్లికి ఆ ఐదు నిమిషాల విలువ ఏమిటో మాకు తెలుసు. కానీ ఆ అధ్యయనం చూపింది బిడ్డ నిద్రలోకి జారడాన్ని. దాని ఆధారంగా పన్నెండు గంటల హోరును సమర్థించడం విజ్ఞానం అనిపించుకోదు.

చెవి సంగతి ఒకటైతే, మెదడు సంగతి మరొకటి. 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకపిల్లలను ఎడతెగని హోరులో పెంచి చూస్తే, శబ్దాల మధ్య భేదాన్ని గుర్తించే మెదడు భాగం పరిణతి చెందడం ఆలస్యమైంది. మామూలు వాతావరణంలోకి తెచ్చాక ఆ పరిణతి తిరిగి మొదలైంది. ఎలుక ఫలితాన్ని యథాతథంగా మనిషి బిడ్డకు అంటగట్టడం న్యాయం కాదు. అయితే మాట నేర్చుకునే వయసులో, నిద్రకూ మెలకువకూ నడుమ మగతగా ఉన్న చెవిలో అమ్మ మాటకు బదులు హోరే నిండి ఉండటం పట్ల జాగ్రత్త వహించమనడానికి అది చాలు. లాలిపాట పాడే గొంతు బిడ్డ కన్ను మూయగానే తగ్గిపోతుంది, కాసేపటికి ఆగిపోతుంది. యంత్రానికి ఆ సహజ నియంత్రణ లేదు.

మన ఇళ్లలో పరిస్థితి టొరంటో ప్రయోగశాలకన్నా జటిలమైనది. అమెరికాలో కూతురి ఇంట్లోనో కొడుకు ఇంట్లోనో తొట్టి పక్కన యంత్రాన్ని చూసివచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు ఇక్కడ అదే పనిని ఫోనుతో చేయిస్తున్నారు. చీర ఉయ్యాల మడతలో, బిడ్డ తలకు జానెడు దూరంలో ఫోను దూర్చి, గంటల నిడివి ఉన్న వీడియో పెట్టి వదిలేయడం పట్టణాల్లోనూ పల్లెల్లోనూ కనిపిస్తున్న దృశ్యం. మధ్యలో వచ్చే ప్రకటన ఒక్కసారిగా హోరుకన్నా గట్టిగా మోగుతుంది. పైన ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూ, వేసవిలో కూలరు కూడా నడుస్తుంటే, ఆ గది యంత్రం పెట్టకముందే 50కి చేరువలో ఉండవచ్చు. అలాంటి గదిలో అదనపు హోరు పెట్టడం అనవసరమే కాదు, హద్దును దాటించడం కూడా.

దీన్ని తల్లిదండ్రులు ఇంట్లోనే సరిచూసుకోగలరు. శబ్దం కొలిచే ఉచిత యాప్ ఒకటి ఫోనులో వేసుకుని, బిడ్డ తల ఆనే చోట ఆ ఫోనునే పెట్టి, మొదట యంత్రం లేకుండా, ఫ్యాను ఎప్పటిలా తిరుగుతుండగా నిమిషంపాటు సగటు చూడాలి. తర్వాత యంత్రాన్ని దాని చోట పెట్టి మళ్లీ చూడాలి. ఫోను మైకులు నాలుగైదు డెసిబెళ్లు అటూ ఇటూ చూపుతాయి కనుక, 50 కాకుండా 45 దగ్గరే ఆగడం వివేకం. కొలిచే వీలు లేకపోతే తొట్టి పక్కన నిలబడి తగ్గుస్వరంతో మాట్లాడి చూడాలి. అవతలి మనిషికి వినిపించడానికి గొంతు పెంచవలసి వస్తే శబ్దం ఎక్కువైనట్లే. నాలుగు నుంచి ఆరు నెలల వయసు వచ్చేసరికి, యంత్రం ఆపి ఉన్నప్పుడు పిలిచినా బిడ్డ తల తిప్పకపోతే ఆలస్యం చేయకుండా ఓఏఈ, బెరా పరీక్షలు చేయించాలి.

అలవాటైపోతుందేమోనన్న భయం ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. మత్తుపదార్థంలాంటి వ్యసనం కాదిది. పసివారి నిద్ర సుమారు గంటకొక ఆవృతిగా సాగుతుంది, ఒక్కో ఆవృతి చివర వారు కాస్త కదిలి మేల్కొంటారు. కన్ను మూసినప్పుడు ఉన్న హోరు అప్పుడు లేకపోతే కొందరు బిడ్డలు ఏడుస్తారు. ఆ ఏడుపును ఆపడానికే పెద్దలు యంత్రాన్ని తెల్లవార్లూ నడుపుతారు. అలవాటును నిజంగా హానికరం చేసేది ఈ గంటల మొత్తమే. కాబట్టి బిడ్డ గాఢనిద్రలోకి వెళ్లాక ఠక్కున ఆపకుండా, మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. ఇప్పటికే అలవాటైన బిడ్డకు రెండు మూడు రాత్రులకొక మెట్టు చొప్పున తగ్గిస్తూ పోతే రెండు వారాల్లో సాధారణంగా మానిపించవచ్చు. మొదటి రాత్రులు మేలుకోవడం పెరిగితే ఒక మెట్టు దగ్గర ఇంకో రెండు రోజులు ఆగాలే తప్ప మొదటికి రాకూడదు. ఆకలితోనో చెవిపోటుతోనో ఏడ్చే బిడ్డను హోరుతో మభ్యపెట్టడం మాత్రం ఏ వయసులోనూ తగదు.

ఇవన్నీ తల్లి తనంతట తాను తెలుసుకుని పాటించవలసి రావడమే మా అభియోగానికి మూలం. గరిష్ఠ శబ్దానికి హద్దు, పెట్టెపై హెచ్చరిక, దానంతట అదే ఆగే టైమరు తప్పనిసరి చేయాలని టొరంటో వైద్యులు 2014లోనే సూచించారు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రివేళ 45 డెసిబెళ్లను, ఆసుపత్రుల చుట్టూ నిశ్శబ్ద మండలంలో 40ని హద్దుగా నిర్ణయించాయి. వీధి చివరి లౌడ్‌స్పీకరును ప్రశ్నించగల చట్టం ఉయ్యాలలోని శబ్దం దగ్గర నోరు మెదపదు. ఆటవస్తువుల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అది పిల్లలు ఆడుకునే వస్తువులకు వర్తించేది, ఆడుకోవడానికి కాక నిద్రపుచ్చడానికని అమ్మే పెట్టె దాని నిర్వచనం నుంచి సులువుగా తప్పించుకుంటుంది. పుట్టుకతో వినికిడి లేని చిన్నారులకు ఆరోగ్యశ్రీ ద్వారా కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఖర్చును భరించిన ప్రభుత్వాలకు, పుట్టుకతో వచ్చిన వినికిడిని కాపాడుకోమని బాలింతతో ఒక్క మాట చెప్పించడం భారం కాదు.

భారత ప్రమాణాల సంస్థ ఈ యంత్రాలకు ప్రత్యేక ప్రమాణాన్ని వెంటనే రూపొందించాలి. 30 సెంటీమీటర్ల దగ్గర పూర్తి మీటతో కొలిచిన అంకెను, పెట్టవలసిన కనీస దూరాన్ని తెలుగు సహా ప్రాంతీయ భాషల్లో పెట్టెమీద ముద్రించాలి. టైమరు లేని యంత్రాన్ని అమ్మనివ్వకూడదు. పిల్లలను నిద్రపుచ్చే వీడియోల మధ్య ప్రకటనలు రాకుండా కేంద్ర సమాచార సాంకేతిక శాఖ ఆయా సంస్థలను కట్టడి చేయాలి. టీకాల రోజున అంగన్‌వాడీకి వచ్చిన తల్లిని, బిడ్డ ఎక్కడ పడుకుంటోంది, తల దగ్గర ఏం మోగుతోంది అని ఆశా కార్యకర్త అడిగేలా ఉభయ రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఉత్తర్వు జారీ చేయాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త పరిశోధన అక్కర్లేదు, పెద్ద వ్యయం అక్కర్లేదు. టొరంటో ఫలితాలు వెలువడిన నాటి పసివారు ఇప్పుడు హైస్కూలులో ఉన్నారు. ఈలోగా ఏం చేశారో ఈ శాఖలు పౌరులకు జవాబు చెప్పాలి.