హాట్‌స్పాట్‌కి ఫోన్ నంబరే పాస్‌వర్డా?

మన ఇళ్లల్లో చాలామంది హాట్‌స్పాట్ పాస్‌వర్డ్‌గా సొంత ఫోన్ నంబరే పెట్టుకుంటారు. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా ఆ నంబరు పాలవాళ్ల నుంచి వాట్సాప్ గ్రూపుల దాకా అందరి దగ్గరా ఉంటుంది. తాళం వేసి, చెవి గడపకే తగిలించినట్టు కాదూ!

ఎల్లారెడ్డిలో మా ఆడపడుచుకి రోజుకు 1.5 జీబీ డేటా. పండక్కి వచ్చిన పిల్లలందరికీ పాస్‌వర్డ్ చెప్పింది. ఒకసారి కలిసిన ఫోన్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది కదా, పండగ అయిపోయినా పక్కింటి అబ్బాయి ఫోన్ దానంతటదే కలుస్తూనే ఉంది. మధ్యాహ్నానికే డేటా అయిపోయి, పాప ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగింది. సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ పేజీ తెరిస్తే రెండు పరికరాలు కనిపించాయి. ఇంట్లో దానికి కలిపేది పాప ట్యాబ్ ఒక్కటే!

ఎన్ని పరికరాలు కలవాలో ఒకటికి తగ్గిస్తే చాలనుకుంది వదిన. చాలదు. ముందొచ్చినవాళ్లకే ఆ చోటు. పక్కింటి ఫోన్ ముందు కలిస్తే మన పాపే బయట ఉండాలి. అందుకే మొదట పాస్‌వర్డ్ మార్చాలి. అప్పుడు పాతవన్నీ ఊడిపోతాయి. ట్యాబ్‌లో కొత్తది కొట్టి, ఆ తర్వాత సంఖ్య తగ్గించాలి. కొన్ని ఫోన్లలో ఈ సంఖ్య మార్చే వీలుండదు, అక్కడ పాస్‌వర్డే దిక్కు.

పాస్‌వర్డ్‌కి కనీసం 8 అక్షరాలు కావాలి. `gongura47mancham` లాగా పొంతన లేని రెండు మాటలు, మధ్యలో అంకెలు పెడితే మనకు గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ఇదే మాత్రం పెట్టకండి!

చుట్టాలు వెళ్లాక పాస్‌వర్డ్ మార్చడం మర్యాద తక్కువేం కాదు. వాళ్లున్నన్నాళ్లూ ఇచ్చాం కదా.