220 డిగ్రీలు అంటే బంగారుపాళ్యంలో ఎంత?

అమెరికాలో రాసిన మామిడి జామ్ వ్యాసం ఒకటి మీ ఫోన్‌లో ఉందనుకోండి. దాని సారం ఇది: "తరిగిన మామిడి ముక్కలు 6 కప్పులు, చక్కెర 4 కప్పులు, 2 నిమ్మకాయల రసం. 220 డిగ్రీలు వచ్చేదాకా ఉడికించి సీసాల్లో పోయండి. పండ్లకు 9 డాలర్లు అవుతుంది." దీన్ని బంగారుపాళ్యం చుట్టుపక్కల వాళ్లు చదివి చేసుకునేలా తెలుగులో రాయాలి. మాటలు మార్చడం పది నిమిషాల పని. అసలు పని అంకెల దగ్గర మొదలవుతుంది.

కప్పు అంటే ఏ కప్పు?

అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మన ఇంట్లో కప్పంటే టీ కప్పు, అది ఇంటికొక సైజు. కాబట్టి "6 కప్పులు" అని అలాగే వదిలేస్తే ప్రతి ఇంట్లో ఒక్కో జామ్ తయారవుతుంది. గ్రాముల్లో ఇస్తే గొడవ ఉండదు. అయితే ఒక చిక్కుంది. కప్పు కొలిచేది పరిమాణాన్ని, గ్రాము కొలిచేది బరువును. అందుకే అన్ని సరుకులకూ ఒకటే లెక్క పనికిరాదు. ఒక కప్పు చక్కెర 200 గ్రాములు తూగుతుంది. అదే కప్పులో మామిడి ముక్కలు వేస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి గనక 165 గ్రాములే పడతాయి. ఈ లెక్కన 6 కప్పుల ముక్కలంటే దాదాపు కిలో, 4 కప్పుల చక్కెర అంటే 800 గ్రాములు.

ఇక్కడితో ఆగకూడదు. మన పాఠకులు ముక్కలు కొనరు, పండ్లు కొంటారు. తోతాపురిలో, అదే మన బెంగళూరాలో, తొక్కా టెంకా పోగా మిగిలే కండ బరువులో సగానికి కాస్త పైన ఉంటుంది. అందుకే "2 కిలోల పండ్లు తెచ్చుకోండి, కిలో ముక్కలు వస్తాయి" అని రాస్తే సంచి పట్టుకుని వెళ్లేవాళ్లకు పనికొస్తుంది.

రెండు నిమ్మకాయలు, మన దగ్గర ఐదు

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది ఈ మాటే. ఎందుకంటే ఇందులో మార్చాల్సిన యూనిట్ ఏదీ కనిపించదు. అమెరికా వాళ్లు చెప్పేది మందపాటి తొక్క ఉన్న పెద్ద పసుపు నిమ్మ. ఒక్కో కాయ దాదాపు 3 టేబుల్ స్పూన్ల రసం ఇస్తుంది. మన చిన్న నిమ్మకాయలో ఒకటి, మహా అయితే ఒకటిన్నర వస్తుంది. రెండు పెద్ద కాయల రసం అంటే 90 మిల్లీలీటర్లు. అంత రావాలంటే మనవి నాలుగు నుంచి ఆరు పిండాలి. కాబట్టి కాయల లెక్క వదిలేసి "నిమ్మరసం 90 మిల్లీలీటర్లు, సుమారు 5 కాయలు" అని రాయడం మేలు.

ఈ రసం రుచి కోసమే అనుకుని తగ్గించేయకండి. పండులోని పెక్టిన్ గట్టిపడి జామ్ కావాలంటే పులుపు ఉండాలి. జామ్ చెడకుండా ఉండడానికీ అదే సాయపడుతుంది. పూర్తిగా మాగిన బేనీషాలో తీపి ఎక్కువ, పులుపు తక్కువ. అందువల్ల "ఏ మామిడైనా పర్లేదు" అని రాయకుండా రకం పేరు చెప్పండి. తోతాపురి అయితే బాగా మాగినవాటితో పాటు ఒకటి రెండు దోరకాయలు కలపమనండి. దోరకాయలో పెక్టిన్ ఎక్కువ.

డిగ్రీల దగ్గర అసలు మెలిక

220 డిగ్రీలంటే ఫారెన్‌హీట్. 32 తీసేసి, 5తో గుణించి, 9తో భాగిస్తే 104.4 సెల్సియస్ వస్తుంది. లెక్క సరైనదే. కానీ ఆ అంకె సముద్రమట్టానికి దగ్గరున్న ఊళ్లకే చెల్లుతుంది.

జామ్ తయారైందో లేదో చెప్పేది అందులో ఎంత చక్కెర చిక్కబడిందన్నది. అది సుమారు 65 శాతానికి చేరినప్పుడు, జామ్ వేడి ఆ ఊళ్లో నీళ్లు మరిగే వేడి కన్నా దాదాపు 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. సముద్రమట్టంలో నీళ్లు 100 దగ్గర మరుగుతాయి కాబట్టి అక్కడ 104.5. ఎత్తుకు పోయే కొద్దీ, దాదాపు ప్రతి 300 మీటర్లకూ ఒక డిగ్రీ చొప్పున, మరిగే వేడి తగ్గుతుంది. బెంగళూరు 900 మీటర్లకు పైన ఉంది. అక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, జామ్ 101.5కే తయారైపోతుంది. 104.4 వచ్చేదాకా ఆగితే జామ్ జిగురులా సాగుతుంది, నాలుగు రోజులకు చక్కెర పలుకులు కట్టేస్తుంది.

మొగిలి ఘాట్ కింద ఉన్న వాళ్లకూ పైన పలమనేరులో ఉన్న వాళ్లకూ ఒకే అంకె కుదరదు కాబట్టి, మీరు అంకె ఇవ్వకండి, పద్ధతి ఇవ్వండి: "ముందు ఉట్టి నీళ్లు మరిగించి థర్మామీటర్ చూడండి. ఆ అంకెకు 4.5 కలపండి." థర్మామీటర్ లేని ఇళ్లే ఎక్కువ. వాళ్లకు ప్లేటు పరీక్ష చెప్పండి. చిన్న స్టీలు ప్లేటు ఫ్రిజ్‌లో చల్లబరిచి, దాని మీద ఒక చుక్క జామ్ వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టాలి. పైన ముడతలు పడితే స్టవ్ ఆపేయొచ్చు. నీళ్లలా జారితే ఇంకాసేపు ఉడకాలి.

9 డాలర్లను రూపాయల్లోకి మార్చకండి

డాలరు 85 రూపాయలనుకుంటే 765 అవుతుంది. ఆ ధర చూస్తే బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు కాయలు తోలే రైతు నవ్వుతాడు. 2025 సీజన్‌లో తోతాపురికి కిలోకు 12 రూపాయలు అందేలా చూస్తామన్నారు. అందులో 8 ఫ్యాక్టరీ ఇచ్చేది, 4 ప్రభుత్వం కలిపేది. అలాగని ఆ 12 రూపాయలు వేసినా తప్పే. అది టన్నుల్లో అమ్మే రైతు ధర, బండి దగ్గర రెండు కిలోలు కొనేవాళ్ల ధర కాదు. కొనేవాళ్ల కోసం రాస్తే కొనే ధరే పెట్టాలి, పక్కన ఊరు, నెల రాయాలి.

ఉదాహరణకు పండ్లు కిలో 30 అనుకుంటే రెండు కిలోలకు 60. చక్కెర కిలో 45 చొప్పున 800 గ్రాములకు 36. నిమ్మకాయలు ఐదుకు 25. గ్యాస్‌కు 12 వేసుకుందాం. మొత్తం 133 రూపాయలు. కిలో ముక్కల్లో పండు చక్కెర 150 గ్రాములనుకుంటే, మనం వేసిన 800తో కలిపి 950 గ్రాములు. అది 65 శాతం అవ్వాలంటే జామ్ కిలో 460 గ్రాముల దాకా రావాలి. అంటే అరకిలో జామ్‌కు 46 రూపాయలు పడినట్టు. దీన్ని కొట్టులోని అరకిలో సీసా మీదున్న ఎం.ఆర్.పి.తో పోల్చితే పాఠకులకు లాభం ఎంతో తెలుస్తుంది.

ఇంకొక్క వాక్యం ఉంది, దాన్ని మార్చడం కాదు, తీసేయాలి. "ఏడాది నిలవ ఉంటుంది" అని అమెరికా వాళ్లు రాసేది, కొత్త సీలు మూత పెట్టి, సీసాను మరిగే నీళ్లలో ముంచి మూసే పద్ధతికి. మనం వాడేది కడిగిన పాత హార్లిక్స్ సీసా. దానికి ఆ మాట వర్తించదు. "వేడినీళ్లతో శుభ్రం చేసి, తడి లేకుండా ఆరబెట్టిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, నెలలోపు తినేయండి. బూజు కనిపిస్తే పైపైన తీసేసి తినకండి, మొత్తం పారేయండి" అని రాయండి.

రాసింది అయ్యాక ఇంగ్లీషు వ్యాసం చూడని ఒకరికి మీ తెలుగు మాత్రమే ఇచ్చి సరుకులు తెమ్మనండి. వాళ్లు కొట్టు దగ్గర నుంచి మీకు ఫోన్ చేసి ఏం అడుగుతారో, సరిగ్గా అదే మీరు ఇంకా మార్చని చోటు.