ముందు భాగం ఫొటో చూసి గీజరు కాయిల్ ఇస్తే ఎలా?

నగరి: గీజరు చెడిపోతే ఇప్పుడు చాలా ఇళ్లలో ముందుగా చేసే పని, దాన్ని ఎదురుగా నిలబడి సెల్‌ఫోనుతో ఫొటో తీసి తిరుపతిలోనో, చెన్నైలోనో తెలిసిన దుకాణానికి పంపడం. "అన్నా, దీనికి కాయిల్ ఉందా?" అని అడుగుతారు. "ఉంది, మనిషిని పంపండి" అని జవాబు వస్తుంది. అడిగినవారిదీ, ఇచ్చినవారిదీ ఇద్దరిదీ పొరపాటే. పుత్తూరులో కట్టు కట్టేవారు సైతం చెయ్యి తడిమి చూడందే కట్టు కట్టరు గదా!

పట్టణంలో మరమగ్గాలు నడుపుకునే ఒక కుటుంబానికి ఎదురైన అనుభవం ఇందుకు తార్కాణం. వారిది గోడకు తగిలించిన 15 లీటర్ల గీజరు. ఒకనాటి ఉదయం నీళ్లు వేడెక్కలేదు, ఎర్ర దీపమూ వెలగలేదు. కాయిల్ కాలిపోయిందనుకుని ముందు భాగం ఫొటో పంపించి ఒక కాయిల్ తెప్పించుకున్నారు. తీరా విప్పి చూస్తే పాతదాని పళ్లెానికి 6 బోల్టులు, కొత్తదానికి 5. పైగా కొత్తది 3000 వాట్లది. బయటి తెల్లటి డబ్బా ఒకే తీరుగా ఉన్నా, ఒకే కంపెనీ ఒక్కో కాలంలో లోపల ఒక్కో రకం పళ్లెం వాడుతుందని ఆ ఫొటోలో ఎక్కడ కనిపిస్తుంది?

బోల్టులు సరిపోకపోవడమే ఒక విధంగా మేలయింది. సరిపోయి ఉంటే ముప్పు లోపలికి చేరేది. 2000 వాట్ల కాయిల్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 3000 వాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. చిన్న కాయిల్‌కని వేసిన వైరు, ప్లగ్గు, థర్మోస్టాటు ఆ బరువు మోయలేక వేడెక్కి, రోజులు గడిచాక కరిగే ప్రమాదముంది. నీళ్లు తొందరగా కాగుతున్నాయని ఇంటివారు సంతోషిస్తూనే ఉంటారు.

రెండోసారి పిలిపించిన ఎలక్ట్రీషియను అనుభవశాలి. ఆయన గీజరు స్విచ్చి ఆపడంతో సరిపెట్టుకోక మెయిను దించి, కరెంటు లేదని టెస్టరుతో చూసుకున్నాకే కింది మూత విప్పాడు. ఒక్క వైరు కూడా పీకకముందే ఏ వైరు ఎక్కడుందో తెలిసేలా ఫొటో తీశాడు. అసలు పనికొచ్చే మొదటి ఫొటో అదే. రెండోది డబ్బాకు అంటించిన రేకు ఫొటో. లీటర్లు, వోల్టులు, వాట్లు, మోడల్ నంబరు అన్నీ దాని మీదే ఉంటాయి. ఈ రేకును కొన్ని గీజర్లకు గోడ వైపో, అడుగునో అంటిస్తున్నారు. స్నానాల గది ఆవిరికి నాలుగేళ్లలో అక్షరాలు చెరిగిపోతాయి. వాట్లు, మోడల్ నంబరు పళ్లెం మీదనే చెరగకుండా అచ్చు వేస్తే కంపెనీలకు పోయేదేముంది?

రేకు మీద అక్షరాలు చెరిగిపోయినా దారి లేకపోలేదు. కాయిల్ రెండు కొనల నుంచీ వైర్లు తీసి మల్టీమీటరుతో ఓములు కొలవాలి. 230ని 230తో గుణించి, వచ్చినదాన్ని వాట్లతో భాగిస్తే ఎన్ని ఓములు చూపాలో తెలుస్తుంది. 2000 వాట్ల కాయిల్ అయితే సుమారు 26, 3000 వాట్లదైతే సుమారు 18. మీటరు అసలు కదలకపోతే కాయిల్ లోపల తెగినట్లు. కాయిల్ కొనకూ రాగి గొట్టానికీ మధ్య ఏమాత్రం దారి చూపినా, గొట్టం చిట్లి నీరు లోపలికి దిగినట్లే. ఆ కాయిల్‌ను ఇక వాడరాదు. బోరు నీళ్ల సున్నపు పొర పేరుకున్నచోట గొట్టం వేడి వదలలేక చిట్లుతుంటుంది. అయితే మీటరు ఏమీ చూపనంత మాత్రాన గొట్టం బాగుందని తీర్మానించడానికి లేదు. ఖాయంగా తేల్చాలంటే మెగ్గరు కావాలి.

ఈ ఇంటి కాయిల్ 26 ఓములు చూపింది. అంటే కాయిల్ బాగానే ఉంది! దానికోసమే బస్సు ఛార్జీలు పెట్టుకుని రెండుసార్లు తిరిగారు.

అప్పుడు ఎలక్ట్రీషియను ఇంటావిడను అడిగాడు: "అమ్మా, ఆగిపోకముందు నీళ్లు ఎట్ల వస్తా ఉన్నాయి?" పది రోజులుగా చెయ్యి పెట్టలేనంత మరుగుతున్నాయనీ, లోపల బుసబుసమని చప్పుడయ్యేదనీ, ఎర్ర దీపం ఎంతసేపైనా ఆరేది కాదనీ ఆమె చెప్పింది. రోగం అక్కడ బయటపడింది. నీళ్లు తగినంత కాగగానే కరెంటు ఆపవలసిన థర్మోస్టాటులో ముక్కలు రెండూ కరుచుకుపోయాయి. కరెంటు ఆగక నీళ్లు మరీ కాగిపోతే, రెండో కాపలాగా ఉన్న కటౌట్ తెగి గీజరును ఆపింది. చెడింది గీజరు కాదు, ఒక కాపలా చెడితే రెండోది తన పని చేసింది.

ఇటువంటప్పుడు కొందరు కటౌట్ మీద మీట నొక్కి, "సరిపోయింది" అని డబ్బులు పుచ్చుకుని వెళ్తారు. నాలుగు రోజులకు మళ్లీ తెగుతుంది. ఇంకొందరు కటౌట్ తీసేసి వైరు డైరెక్టుగా కలుపుతారు. ఇది క్షమించరాని పని. ఆపే నాథుడు లేక నీళ్లు ఆవిరై, పీడనం వదిలే వాల్వు కూడా సున్నం పట్టి బిగుసుకుపోయి ఉంటే ట్యాంకు పేలుతుంది. కింద స్నానం చేసేది పిల్లలో, ముసలివారో.

థర్మోస్టాటు చల్లగా ఉండగా మీటరు పెడితే చెడినదీ, మంచిదీ ఒకేలా కనిపిస్తాయి. అందుకని దాన్ని గీజరు నుంచి పూర్తిగా తీసి, తిప్పే గుండీని తక్కువలో పెట్టి, పుల్లను మాత్రం గిన్నెలోని మరిగే నీళ్లలో ముంచాలి. మంచిదైతే టిక్కుమని మీటరు దారి తెగుతుంది. ఈ ఇంటిది అయిదు నిమిషాలు ముంచినా ఉలకలేదు.

కొత్తదానికి పంపవలసిన ఫొటో ఎలా ఉండాలి? థర్మోస్టాటును తెల్ల గుడ్డ మీద పడుకోబెట్టి, పక్కన బడిపిల్లల స్కేలు పెట్టి, ఫోనును నిటారుగా పైనుంచి పట్టి తీయాలి. ఏటవాలుగా తీస్తే కొలత తగ్గి కనిపిస్తుంది. పుల్ల పొడవును తల కింది నుంచి కొన దాకా కొలవాలి. పుల్ల పొడవైతే గొట్టంలో దిగదు, పొట్టిదైతే నీటి వేడి దానికి సరిగా అందదు. ఇంకో ఫొటోలో తల మీది అక్షరాలు, అంటే ఎన్ని ఆంపియర్లు, ఎన్ని డిగ్రీలు అన్నవి చదివేట్లు రావాలి. వైర్లు తగిలించే కొనలు ఎన్నో కూడా కనబడాలి. కాయిల్ కావలసి వస్తే పళ్లెాన్నీ ఇలాగే తీసి, ఎదురెదురు బోల్టు రంధ్రాల నడిమి దూరం రాసి పంపాలి. ఇవి లేని ఫొటో వస్తే సామాను ఇవ్వబోమని దుకాణదారులే కచ్చితంగా చెప్పాలి. ఒక రోజు బేరం పోతుందేమో గాని తగాదా ఉండదు.

ఇస్త్రీపెట్టెల సంగతీ ఇంతే. పాత బరువు పెట్టెల్లో అభ్రకం రేకుకు చుట్టిన కాయిల్ విడిగా దొరుకుతుంది. 750 వాట్లదైతే సుమారు 70 ఓములు చూపుతుంది. చాలా కొత్త పెట్టెల్లో కాయిల్ అడుగు దిమ్మెలోనే పోత పోసి ఉంటుంది, కాలితే దిమ్మెంతా మార్చవలసిందే. ఏది ఏ రకమో పైమూత ఫొటోలో తెలియదు, విప్పి తీస్తేనే తెలుస్తుంది.

మూడో రోజున స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోకు సరిపడే థర్మోస్టాటు వచ్చింది. కటౌట్‌ను కూడా కొత్తదే వేశారు. ముందుగా ట్యాంకు నింపి, కుళాయిలో నీరు ధారగా వచ్చాకే మెయిను ఎత్తారు. మామూలు చన్నీళ్లను 60 డిగ్రీల దాకా తేవడానికి 2000 వాట్లతో 15 లీటర్లకు పద్దెనిమిది, ఇరవై నిమిషాలు పడుతుంది. ఎలక్ట్రీషియను గడియారం చూస్తూ అంతసేపూ అక్కడే కూర్చున్నాడు. పంతొమ్మిదో నిమిషంలో టిక్కుమంది, ఎర్ర దీపం ఆరింది.