దయ కాదు, డ్యూటీ చార్టు

"మేడం, మా సార్‌కు మెయిల్ రాసిన. జర ఇంగ్లీషు దిద్దరా?" అంటూ ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా కెమిస్టు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, ఇక కీమోథెరపీ మొదలు కావాలి. సూపర్‌వైజర్‌కు పంపబోయే ఆ మెయిల్‌లో "క్షమించండి" మూడుసార్లు, "దయచేసి సర్దుకోండి" రెండుసార్లు ఉంది. ఏయే రోజులు రాలేదో, ఏ పని చేయలేదో, ఆ పని ఎవరు చేయాలో ఒక్క ముక్క లేదు. దిద్దవలసింది ఇంగ్లీషు కాదని నాకు అర్థమైంది.

జబ్బు చేసిన ఆడమనిషి ముందుగా క్షమాపణ చెప్పుకోవాలని ఎవరు నేర్పారు? అదే ల్యాబ్‌లో ప్రతి యంత్రానికీ క్యాలిబ్రేషన్ తేదీ ఉంటుంది. ఆ రోజు యంత్రం ఆగుతుంది, పని పక్క యంత్రం మీదికి మారుతుంది. యంత్రం తరఫున ఎవరూ క్షమాపణ చెప్పరు. మనిషి శరీరానికి అలాంటి తేదీలు వస్తే మాత్రం అది దయకు, జాలికి సంబంధించిన విషయమై కూర్చుంటుంది.

కీమోకు తేదీలు ఉంటాయి. ఆమెకు రాసిన చికిత్సలో మొదటి నాలుగు డోసులు 21 రోజులకొకటి, తర్వాత పన్నెండు డోసులు వారానికొకటి. మొత్తం ఇరవై నాలుగు వారాలు. ఇద్దరం కూర్చుని, డాక్టరు చెప్పింది క్యాలెండర్ మీద పెట్టి చూశాం. శుక్రవారం డోసు వేయించుకుంటే వాంతులు, నీరసం ఎక్కువగా ఉండే రోజుల్లో ఆదివారం సెలవు కలిసొస్తుంది. మంగళవారం దాకా రాలేదు. బుధ, గురువారాలు సగం పూట రాగలదు. రెండో వారంలో ఒంట్లో ఓపిక వచ్చినట్టే ఉంటుంది కానీ తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేది అప్పుడే. బయటికి బాగానే కనిపిస్తుంది కాబట్టి "ఇప్పుడు బాగానే ఉన్నావుగా" అని రద్దీగా ఉండే కంపెనీ బస్సు ఎక్కించి, షిఫ్టులో వేసేది కూడా ఈ వారమే. మూడో వారం మామూలుగా పని చేయగలదు.

రెండో మెయిల్ ఇలా తయారైంది: "నా కీమో తేదీలు ఇవి. డోసు వేసిన శుక్రవారం నుంచి మంగళవారం దాకా సెలవు. బుధ, గురువారాలు సగం పూట. రెండో వారం జనరల్ షిఫ్టు మాత్రమే, పది గంటలకు సొంతంగా వస్తాను. చికిత్స పూర్తయ్యేదాకా ద్రావకాలు కలిపే పని, నైట్ షిఫ్టు వద్దు. రికార్డుల పరిశీలన, రిపోర్టుల తయారీ నేను చూస్తాను. డోసుకు ముందు రక్తపరీక్షలో కణాలు తక్కువ వస్తే డోసు వారం వెనక్కి పోవచ్చు. ఆ సాయంత్రమే మీకు తెలియజేస్తాను. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, గేటు పాస్ కోసం ఆగడం కుదరదు. నాలుగో డోసు తర్వాత కొత్త పట్టిక ఇస్తాను. వారం వారం వేసే మందుతో వేళ్లు తిమ్మిరెక్కవచ్చు, అప్పుడు పిపెట్ పట్టే పని మార్చాలి."

ఇందులో ఎక్కడా బతిమాలడం లేదు. సూపర్‌వైజర్ దీన్ని చూసి డ్యూటీ చార్టు వేసుకోగలడు. "అవసరమైనప్పుడు వెసులుబాటు ఇవ్వండి" అన్న మొదటి మెయిల్‌తో ఎంత మంచివాడైనా వేయలేడు.

ఇక అసలు తగాదా పని పంచడం దగ్గర ఉంది. "మనవాళ్లు సర్దుకుంటారులే" అన్నాడట సూపర్‌వైజర్. ఆ మనవాళ్లు ఎవరు? పక్క బల్లల దగ్గరున్న ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకు నమూనాలు పెరుగుతాయి, జీతం పెరగదు. రెండో నెలకల్లా కోపం యాజమాన్యం మీద కాక జబ్బు మనిషి మీదికి తిరుగుతుంది. ఇంట్లో పడుకున్న అత్త చాకిరీ కోడలి మీద, తల్లి చాకిరీ కూతురి మీద పడ్డట్టే ఇక్కడా స్త్రీల జాలిగుణాన్ని ఉచిత శ్రమగా లెక్కేసుకుంటున్నారు. అందుకే మెయిల్‌లో చివరి వాక్యం చేర్చాం: "నేను చేయని పరీక్షలకు తాత్కాలికంగా ఒక మనిషిని ఇవ్వండి, లేదా చేసినవారికి ఓవర్‌టైం కట్టండి." ఈ వాక్యం తీసేయమని ఆమె నన్ను చాలాసేపు బతిమాలింది. నేను ఒప్పుకోలేదు.

చట్టం ఏం చెబుతోంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో క్యాన్సర్ లేదు. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ప్రకారం క్యాన్సర్ అని తేలిన రోజు నుంచే ఆ మనిషికి పనిలో తగిన మార్పులు కోరే హక్కు వస్తుంది. మన దగ్గర ప్రైవేటు కంపెనీలో అది సూపర్‌వైజర్ మంచితనానికి వదిలేశారు. ఆమె జీతం 21,000 దాటడంతో ఈఎస్‌ఐ లేదు. కంపెనీ ఇన్సూరెన్సు ఆసుపత్రి బిల్లు కడుతుంది, రాని రోజుల జీతం కట్టదు.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్ల సంగతి చూద్దాం. అదే కంపెనీ ప్యాకింగ్‌లో, కాంట్రాక్టరు కింద పనిచేసే ఇంకొకామెకూ ఇదే మందు రాశారు. 1950 నాటి ఈఎస్‌ఐ నిబంధనల్లో జబ్బు భత్యం రోజు కూలిలో 70 శాతం. మొదటి రెండు రోజులకు ఇవ్వరు. అయితే గత జబ్బు సెలవు ముగిశాక 15 రోజులు మించకుండా మళ్లీ సెలవు పెడితే ఆ కోత ఉండదు. 21 రోజుల కీమోకు దీన్ని వర్తింపజేసి చూడండి. ఆమె ఐదు రోజులు పడుకుని ఆరో రోజు పనికొస్తే తర్వాతి డోసుకు మధ్య 16 రోజుల ఎడం. ఒక్క రోజు తేడాతో ప్రతిసారీ రెండు రోజులు కోత. నాలుగు డోసులకు 20 రోజులు రాకపోతే 12 రోజులకే భత్యం; అంటే 8.4 రోజుల కూలి. ఒక రోజు ఎక్కువ పడుకుని ఉంటే రెండో డోసు నుంచి కోత పడేది కాదు. ఓపిక చేసుకుని పనికొచ్చినందుకు శిక్ష! క్యాన్సర్‌కు 80 శాతం ఇచ్చే పొడిగింపు భత్యం ఉంది కానీ మామూలు భత్యం 91 రోజులూ వాడుకున్నాకే అది. మనిషి మంచంలోనైనా ఉండాలి, పనిలోనైనా ఉండాలి అనే చట్టమిది. వారం పడుకుని రెండు వారాలు పనిచేసే శరీరం దాని ఊహలోకే రాలేదు. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. కొత్త నిబంధనల్లోకి ఈ రెండు రోజుల కోతను మోసుకుపోనివ్వకూడదు.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. కీమో నడుస్తుండగా డ్యూటీకి వెళ్లిన స్త్రీని వేదిక మీద ధీరవనిత అని సన్మానిస్తాం. జీతం కోతకు భయపడి వెళ్లిందేమోనని అడగం.

మెయిల్ అందాక సూపర్‌వైజర్ ఆమెను పిలిచి, "ఇవన్నీ రాతలో ఎందుకమ్మా, నేను చూసుకుంటా కదా" అన్నాడు. జవాబు మెయిల్‌లోనే ఇమ్మని ఆమె పట్టుబట్టింది. తేదీలకూ గేటు పాస్‌కూ ఒప్పుకున్నట్టు రాశాడు. ఓవర్‌టైం వాక్యానికి మాత్రం జవాబు లేదు. రెండో డోసు నాటికి ఆయన వేరే ప్లాంటుకు మారాడు. కొత్తాయన మొదటి వారమే ఆమెను నైట్ షిఫ్టులో వేశాడు. ఆమె పాత మెయిల్ తీసి చూపింది. షిఫ్టు మారింది. నోటి మాటే అయి ఉంటే అది పాత సార్‌తోనే వెళ్లిపోయేది.

ప్యాకింగ్ ఆమెకు మెయిల్ లేదు. ఆమెకు సూపర్‌వైజర్ ఎవరో, కంపెనీవాడో కాంట్రాక్టరో, కూడా తేలదు. అదే పట్టికను తెలుగులో కాగితం మీద రాసి ఇద్దరికీ ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకున్నాం. కాంట్రాక్టరు సంతకం పెట్టాడు. కంపెనీ పెట్టలేదు. ఓవర్‌టైం వాక్యంతో పాటు ఆ సంతకం కోసం కూడా మన పోరాటం మిగిలే ఉంది.