రంగు చూసి విత్తవద్దు

రైతు సోదరులారా, జూన్ నెలలో వాతావరణ శాఖ పటంలో మన జిల్లాకు పసుపు రంగు పడిన మరునాడే విత్తన దుకాణాల వద్ద రద్దీ పెరగడం మీరు చూస్తున్నదే. ఆ రంగు విత్తడానికి అనుమతి కాదన్నది నా అభిప్రాయం. పసుపు అంటే పరిస్థితిని గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని అర్థం. ఇవన్నీ ప్రమాదానికి సంబంధించిన సూచనలు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదనే గాని వాన లేదని కాదు. నేలలో పదును ఎంత చేరునో ఏ రంగూ చెప్పదు.

పదును కొరకు బులెటిన్‌లోని మాటలు చదవాలి. ఒక రోజులో 2.5 నుండి 15.5 మిల్లీమీటర్లు కురిస్తే తేలికపాటి వర్షం, 15.6 నుండి 64.4 వరకు మోస్తరు వర్షం, 64.5 నుండి భారీ వర్షం. ‘మోస్తరు’ అన్న ఒక్క మాటలో ఎంత అంతరం ఉన్నదో చూడండి! నల్లరేగడిలో పత్తి విత్తడానికి 60 నుండి 75 మిల్లీమీటర్ల వర్షం పడవలెనని శాస్త్రవేత్తల సిఫారసు. 16 మిల్లీమీటర్లూ మోస్తరే, 64 మిల్లీమీటర్లూ మోస్తరే. మొదటిదానితో దుక్కి పైపొర మాత్రమే తడుస్తుంది.

ఇక చోటు సంగతి. ‘ఒకటి రెండు చోట్ల భారీ వర్షం’ అంటే వర్షమాపక కేంద్రాలలో నాలుగవ వంతుకు మించకుండా అని లెక్క. ఆ చోటు మీ చేను కావచ్చు, కాకపోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘కొన్ని చోట్ల తేలికపాటి నుండి మోస్తరు వర్షాలు, ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు’ అని పసుపు హెచ్చరిక వెలువడింది. మీ చేనిలో మొదటి రోజు 14, రెండవ రోజు 22, మూడవ రోజు 3 మిల్లీమీటర్లు కురిసింది. బులెటిన్ తప్పలేదు; అయినా మొత్తం 39 మాత్రమే. పక్క మండలంలో 70 కురిసిందని విని విత్తితే, మొలక వచ్చిన పిదప నాలుగు రోజుల ఎండకే వాడిపోతుంది. 475 గ్రాముల బీజీ-2 పత్తి ప్యాకెట్టు గరిష్ఠ ధర 2025లో 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్ల చొప్పున తిరిగి విత్తితే 1,802 రూపాయలు, కూలి అదనం. పంట రుణ పరిమితి మాత్రం ఎకరానికి ఒక్కసారి లెక్కించినదే.

కనుక అంచులు నిలువుగా ఉన్న డబ్బా ఒకటి చెట్లకు, గోడలకు దూరంగా చేనిలో ఉంచండి. రోజూ ఉదయం 8.30 గంటలకు నీటి ఎత్తును స్కేలుతో కొలిచి, వ్రాసుకొని, పారబోయండి. శాఖ వారు కొలిచే వేళ కూడా అదే. అయితే గంటలో దంచి కొట్టిన వాన వాలు చేనిలో ఇంకక పారిపోతుంది. గడ్డపారతో త్రవ్వి తడి ఎంత లోతు దిగిందో కూడా చూడాలి.

పదును సరిపోయినా, మరునాటికి నారింజ లేక ఎరుపు ఉంటే విత్తడం ఆపండి. రేగడిలో నీరు నిలిచి గింజ కుళ్ళుతుంది, ఎర్ర నేలలో పైన పొర గట్టిపడి మొలక రాదు. డీలర్ మిత్రులు పటాన్ని దుకాణంలో అంటించేటప్పుడు ప్రక్కనే మీ ఊరి డబ్బా లెక్క కూడా వ్రాసి పెట్టగలరు.